కో-ఫౌండర్: వాటా మాట్లాడే ముందు ఆరు వారాంతాలు

స్టార్టప్ పెట్టాలనుకునే మనవాళ్లు కో-ఫౌండర్ కోసం ముందుగా చూసేది బ్యాచ్‌మేట్ల వాట్సాప్ గ్రూపులోనే. బిట్స్ పిలానీ మిత్రులు 2006లో మొదలుపెట్టిన రెడ్‌బస్ లాంటి కథలు ఈ అలవాటును బలపరిచాయి. హైదరాబాద్ రాకెట్ సంస్థ స్కైరూట్ కథ కాస్త వేరు. పవన్ కుమార్ చందన ఐఐటీ ఖరగ్‌పూర్‌లో, నాగ భరత్ డాకా ఐఐటీ మద్రాస్‌లో చదివారు. ఇద్దరూ ఇస్రోలో ఇంజినీర్లుగా పనిచేసి, 2018లో కంపెనీ పెట్టారు. 2022 నవంబరులో వారి విక్రమ్-ఎస్ రాకెట్ ఎగిరింది. ఒకే రకం పనిలో, ఒకే సంస్థ క్రమశిక్షణలో నలిగి వచ్చినవాళ్లకు ఎదుటివాడి పని తీరును అంచనా వేయడం తేలిక. ఒకే హాస్టల్లో నాలుగేళ్లున్నా ఆ వీలు దొరక్కపోవచ్చు.

అందుకే నెట్‌వర్క్‌లో వెతకాల్సింది మంచి మిత్రుల కోసం కాదు, పనిలో చూసిన మనుషుల కోసం. మనం స్వయంగా చూడకపోతే, చూసినవాళ్లను అడగాలి. ‘ఎవరైనా ఉంటే చెప్పండి’ అంటే ఖాళీగా ఉన్నవాళ్ల పేర్లే వస్తాయి. అభ్యర్థి పాత టీమ్ లీడ్‌ను నేరుగా ఇలా అడగడం మేలు: ‘గడువు తప్పుతుందని తెలిసినప్పుడు మీకు ఎప్పుడు చెప్పాడు, ముందా, ఆ రోజు రాత్రా?’ మంచివాడని చెప్పడం ఎవరికైనా సులువే. ఈ ప్రశ్నకు మాత్రం జరిగిన సంగతి గుర్తు చేసుకోవాల్సిందే.

ఊహించిన ఉదాహరణ ఒకటి చూద్దాం. గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి టిక్కీల రాకపోకల లెక్క రాసే యాప్ చేయాలని హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు అనుకుంది. ఆమెకు కోడ్ వచ్చు, మిర్చి యార్డు తెలియదు. పాత సహోద్యోగి ద్వారా యార్డు వ్యాపారం తెలిసిన ఒకతను పరిచయమయ్యాడు. వాటాల మాట పక్కన పెట్టి, ఆరు వారాంతాల్లో ఒక పని ముగించాలని అనుకున్నారు. రెండు కోల్డ్ స్టోరేజీల్లో ఒక వారం ఎంట్రీలు నోటు పుస్తకంతో పాటు యాప్‌లోనూ పడాలి, రెండు లెక్కలూ సరిపోవాలి.

ఇక్కడ పరీక్ష ఇద్దరూ కలిసి పనిచేయగలరా అన్నదానికే, యాప్ బాగుందా లేదా అన్నది రెండో సంగతి. మూడో వారంలో ఒక యజమాని ‘సీజన్ అయ్యాక చూద్దాం లెండి’ అన్నాడనుకోండి. ఆ మాట యార్డు తెలిసిన అతను ఆమెకు ఆ సాయంత్రమే చెప్పాడా, ఆదివారం మీటింగ్‌లో బయటపెట్టాడా? రైతు పేరుతో వెతకాలా, లాట్ నంబరుతోనా అన్న తగాదాలో ఎవరు వెనక్కి తగ్గారు, ఎందుకు? ఆధారం చూసి తగ్గితే మంచిదే. విసిగిపోయి తగ్గితే మాత్రం అదే తగాదా మళ్లీ వస్తుంది. ఒక్క గొడవా లేకుండా ఆరు వారాలూ గడిచాయంటే నేనైతే సంతోషించను, పరీక్ష సులువైపోయిందనుకుంటాను. జీతం లేకుండా ఇద్దరూ ఎన్ని నెలలు నెట్టుకురాగలరు, ఇంటి ఈఎంఐ ఎంత అన్న సంగతులు కూడా ఈలోపే అంకెల్లో మాట్లాడుకోవాలి. మనవాళ్లు మొహమాటపడి వదిలేసేది సరిగ్గా దీన్నే.

‘ఇంకా ఏదీ ఖాయం కాలేదు’ అని ఇద్దరూ అనుకున్నా చట్టం అలాగే చూస్తుందనే హామీ లేదు. 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం పార్ట్‌నర్‌షిప్‌కు కాగితం తప్పనిసరి కాదు. కలిసి వ్యాపారం చేస్తూ లాభం పంచుకుంటుంటే అది భాగస్వామ్యమే అనే వాదనకు చోటుంటుంది. అప్పుడు ఒకరు చేసిన అప్పు రెండోవారి మెడకూ చుట్టుకోవచ్చు. కాబట్టి పరీక్ష సమయంలో కస్టమర్ల దగ్గర డబ్బు వసూలు చేయకపోవడమే సుఖం.

కోడ్ విషయం ఇంకా చిక్కు. కాపీరైట్ మామూలుగా రాసినవారిదే. బదలాయింపు సంతకంతో రాతపూర్వకంగా ఉండాలి. ఆ కాగితంలో గడువు రాయకపోతే ఐదేళ్లని, ప్రాంతం రాయకపోతే భారత్‌కే పరిమితమని చట్టం లెక్కిస్తుంది. ఆమె ఆఫీసు ల్యాప్‌టాప్ వాడితే ఉద్యోగ ఒప్పందం చూపించి కంపెనీ కూడా ఆ కోడ్ తనదనవచ్చు. మొదలయ్యే ముందే ఒక పేజీ రాసుకుంటే చాలు: ఎవరు చేసింది వారిదే, ఖర్చులు సగం సగం, ఫలానా తేదీతో ముగుస్తుంది, ఆ తర్వాత ఎవరికీ ఏ బాధ్యతా లేదు.

ఆ తేదీన వచ్చే జవాబు అవునో కాదో మాత్రమే కానక్కర్లేదు. అతనికి యార్డులో పలుకుబడి ఉంది కానీ వారానికి రెండు గంటలకు మించి ఇవ్వలేడని తేలితే, అతను కో-ఫౌండర్ కాడు, కమీషన్ మీద కస్టమర్లను తెచ్చే మనిషి. అవుననుకున్నా సగం వాటా చేతిలో పెట్టేయక్కర్లేదు. నాలుగేళ్లలో కొంచెం కొంచెంగా దక్కేలా, మొదటి ఏడాది పూర్తికాకుండా వెళ్తే ఏమీ రాకుండా రాసుకోవడం స్టార్టప్‌లలో ఎక్కువగా కనిపించే పద్ధతి. ఆ షరతు ఆలోచన తెచ్చిన ఆమెకూ వర్తించాలి.