ముగ్గురు సంతకం పెట్టిన తప్పు

నిన్న ఒక పంపు డేటాషీట్ నా టేబుల్ మీదకొచ్చింది. అప్పటికే ముగ్గురు సంతకాలు పెట్టేశారు. ఫ్లో సెకనుకి 36 లీటర్లు, హెడ్, అంటే పంపు నీళ్లని ఎత్తగల ఎత్తు, 40 మీటర్లు, మోటార్ 7.5 కిలోవాట్లు, డిశ్చార్జ్ ఫ్లాంజ్ 80 ఎంఎం. చూడ్డానికి బానే ఉంది. నాకు మండేది అక్కడే. యూనిట్ తప్పు కళ్లతో చూస్తే దొరకదు, ఎందుకంటే అంకె తప్పు కాదు, పక్కనున్న రెండక్షరాలు తప్పు. దొరకాలంటే అదే షీట్‌లోని రెండు గళ్లకి తగువు పెట్టాలి.

నీళ్ల పంపుకైతే లెక్క నోటితోనే అయిపోతుంది. సెకనుకి ఎన్ని లీటర్లో దాన్ని హెడ్ మీటర్లతో గుణించి 102తో భాగిస్తే, నీటికి చేరాల్సిన పవర్ కిలోవాట్లలో వస్తుంది. 36ని 40తో గుణించి భాగించండి: 14 పైనే. మోటార్ చూస్తే ఏడున్నర! ఇచ్చినదానికి దాదాపు రెట్టింపు తిరిగిచ్చే పంపు ఉంటే కరెంటు బిల్లులే ఉండవు కదా.

అసలు అది గంటకి 36 ఘనపు మీటర్లు. అంటే సెకనుకి 10 లీటర్లు. ఇప్పుడు లెక్క 3.9 కిలోవాట్లు. పంపు ఎఫిషియెన్సీ 65 శాతం అనుకుంటే షాఫ్ట్ దగ్గర 6 కావాలి, ఏడున్నర మోటార్ సరిగ్గా సరిపోతుంది. ఫ్లాంజ్ కూడా అదే సాక్ష్యం చెబుతుంది: 80 ఎంఎంలో 10 లీటర్లంటే వేగం సెకనుకి 2 మీటర్లు, 36 అయితే ఏడు దాటుతుంది.

వెయ్యి రెట్ల తప్పు ఎవడో ఒకడి కంట పడుతుంది. ఈ 3.6 రెట్ల తప్పే దొంగది, రెండు అంకెలూ నమ్మేలాగే ఉంటాయి. ఇంకా చిన్నదైతే నా లెక్కకీ దొరకదు. అమెరికన్ గాలన్ 3.785 లీటర్లు, బ్రిటిష్ గాలన్ 4.546. ఒకటి బదులు ఇంకోటి వేస్తే ఎఫిషియెన్సీ 65 కాస్తా 78 అవుతుంది, పెద్ద పంపుల్లో అది నమ్మదగ్గ అంకే. అక్కడ సప్లయర్‌ని అడగాల్సిందే.

ఇదే షీట్‌లో కేసింగ్ ప్రెషర్, అంటే పంపు ఒళ్లు తట్టుకోగల ప్రెషర్, 1.6 kPa అని ఉంది. అంటే 16 సెంటీమీటర్ల నీళ్లు, బకెట్‌లో సగం కూడా కాదు. 40 మీటర్ల హెడ్ ఇచ్చే పంపు లోపల ప్రెషరే 390 kPa దాకా ఉంటుంది. 16 బార్ రేటింగ్‌ని 1.6 MPa అని రాయబోయారని తెలుస్తూనే ఉంది. "టైపో సార్, వదిలేయండి" అన్నాడు పర్చేజ్ కుర్రాడు. ఎలా వదిలేస్తాం బాబూ, రేపు పంపులో నీళ్లు నింపి తట్టుకుంటుందో లేదో చూసే హైడ్రోటెస్ట్‌కి ప్రెషర్ ఆ గడి చూసే వేస్తారు!

రెండూ రాసి వెనక్కి పంపాను. సాయంత్రానికి రివిజన్ వచ్చింది. ఫ్లో సరిచేశారు. ప్రెషర్ గడిలో 1.6 mPa, చిన్న m. మిల్లీ! కావాల్సిన దాంట్లో వంద కోట్ల వంతు. సంతకాలు మాత్రం మళ్లీ మూడున్నాయి.