హోటల్ బిర్యానీ లెక్కలో తేలనిది నూనె ఒక్కటే

"చికెన్ బిర్యానీ ఒక సర్వింగ్ అంటే 290 కేలరీలు. యాప్‌లో అదే ఎక్కించండి. ఏమేం వేశారో, ఎంత వేశారో హోటల్ వాళ్లు చెప్పరు కాబట్టి అంతకంటే లెక్క తేలదు."

హోటల్ బిర్యానీ కేలరీలు లెక్కపెట్టుకునేవాళ్లకు ఇచ్చే ఈ సలహాలో చిక్కు 'సర్వింగ్' దగ్గరే మొదలవుతుంది. 290 కేలరీలంటే ఓ కప్పు, అంటే సుమారు 200 గ్రాముల బిర్యానీ. హైదరాబాద్‌లో సింగిల్ పార్సిల్ చాలాచోట్ల దానికి మూడు నాలుగు రెట్లు తూగుతుంది. కాబట్టి ముందు కావాల్సింది బరువు.

ఇక లెక్క తేలదన్న మాట. పార్సిల్ విప్పి అన్నం, ముక్కలు, మసాలా వేరువేరుగా తూచండి. తిన్నాక ఎముకలు తూచి, ముక్కల బరువులోంచి తీసేయండి. ఉదాహరణకు అన్నం 500 గ్రాములు, రెండు ముక్కలు 210, మసాలా 40, ఎముకలు 60 వచ్చాయనుకుందాం. ఉడికిన అన్నంలో 100 గ్రాములకు సుమారు 28 గ్రాముల పిండిపదార్థం, 2.7 గ్రాముల ప్రొటీన్ ఉంటాయి. అంటే అన్నం నుంచే 140 గ్రాముల పిండిపదార్థం, 13 గ్రాముల ప్రొటీన్. ఎముక పోగా మిగిలిన 150 గ్రాముల మాంసంలో ప్రొటీన్ 38, కొవ్వు 12 గ్రాములు. మసాలాలోని పెరుగు, ఉల్లిపాయలకు 5 గ్రాముల పిండిపదార్థం, 2 గ్రాముల ప్రొటీన్ వేసుకుంటే చాలు. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది: యాప్‌లో ఉడికిన అన్నానికి బదులు బియ్యం ఎంచుకోవడం. అలా చేస్తే అన్నం కేలరీలు రెండున్నర రెట్లకు పైగా పెరిగిపోతాయి.

నిజంగా తేలనిది నూనె, నెయ్యి. పచ్చి మాంసంతో చేసే కచ్చి బిర్యానీలో వేయించిన ఉల్లిపాయలూ, అవి వేగిన నూనే మాంసంలో కలుస్తాయి. పైపొర అన్నం పొడిగా తెల్లగా ఉంటుంది, అడుగుపొర మసాలా పీల్చుకుని జిడ్డుగా ఉంటుంది. అందుకే ఒకే హండీలోంచి తీసిన రెండు ప్లేట్లలో కూడా కొవ్వు ఒకటి కాదు. దీనికి ఒకే అంకె కాకుండా హద్దులు పెట్టుకోవాలి. మెతుకులు విడివిడిగా, వేళ్లకు జిడ్డు అంటకుండా ఉంటే, ఇంత పెద్ద పార్సిల్‌కు నూనె, నెయ్యి కలిపి 25 గ్రాములు. డబ్బా అడుగున నూనె పేరుకుంటే 45. డబ్బాలోనే వదిలేసిన నూనె మీ లెక్కలోకి రాదు.

పై పార్సిల్‌కు పిండిపదార్థం 145, ప్రొటీన్ 53 గ్రాములు. అన్నంలోని గ్రామున్నరతో కలిపి కొవ్వు 38 నుంచి 58 గ్రాములు. కేలరీలు దాదాపు 1,140 నుంచి 1,320. ఏ వైపో తేల్చుకోలేకపోతే 1,230 రాయండి. నూనె ఈ హద్దుల్లో ఉన్నంతవరకు, దానివల్ల వచ్చే తప్పు ఏ వైపైనా 90 కేలరీలకు మించదు.

మిర్చి కా సాలన్‌ను మాత్రం విడిగా రాసుకోండి. పల్లీలు, నువ్వులు, కొబ్బరి, పైన తేలే నూనె కలిసి చిన్న కప్పులోనే 12–15 గ్రాముల కొవ్వు ఉండవచ్చు.