డిట్టో ట్యాపులు

శ్రీకాకుళం జిల్లాలో ఒక 132/33 కేవీ సబ్‌స్టేషన్ టెస్ట్ రిజిస్టర్ చూసే భాగ్యం ఈమధ్య కలిగింది. 31.5 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్, వోల్టేజీ సర్దడానికి చుట్ల సంఖ్య మార్చే 17 ట్యాపులు. వైండింగ్ రెసిస్టెన్స్ కొలిచింది మాత్రం 5వ ట్యాపులో, అంటే నార్మల్ ట్యాపులో. మిగతా పదహారు వరుసల్లోనూ డిట్టో గుర్తులే, ముగ్గుల పోటీకి పెట్టినంత పొందిగ్గా. కింద 'సంతృప్తికరం' అని సంతకం.

ఇది చిన్న ఆవిష్కరణ కాదు. ట్యాపు మారితే చుట్లు మారతాయి, చుట్లు మారితే రెసిస్టెన్స్ మారుతుంది అని పాలిటెక్నిక్‌లో చెప్పిన మాస్టార్లందరూ తప్పని తేలిపోయింది మరి.

ఈ పరిశోధన ఎలా సాగిందో ఊహించడం కష్టం కాదు. షట్‌డౌన్ తీసుకున్నారు, క్లిప్పులు పెట్టారు, 10 ఆంపియర్ల డీసీ పంపారు. ఇంత పెద్ద వైండింగ్‌లో కరెంటు నిలకడకి రావడానికి టైం పడుతుంది. అందాకా మీటర్లో అంకె దిగుతూనే ఉంటుంది. ఇంతలో ఉప్మా వచ్చింది. అంకె ఇంకా దిగుతోంది. "అన్ని ట్యాపులూ తిప్పమంతారేటి సార్?" అని హెల్పర్ అడిగాడు. సార్ ఉప్మా వైపు చూశారు, మీటరు వైపు చూశారు, జీడిపప్పు ఎక్కడుందో వెతికి పట్టుకున్నారు. దాని తర్వాత డిట్టో పుట్టింది.

తిప్పి ఉంటే ఏం కనిపించేదో చెప్తాను. ఆర్, వై ఫేజుల్లో 5 నుంచి 8వ ట్యాపు దాకా 980, 968, 956, 944 మిల్లీఓమ్‌లు వచ్చాయనుకుందాం, మెట్టుకి 12 చొప్పున దిగుతూ. బి ఫేజులో 980, 968, 976, 944. దిగాల్సిన చోట 7వ ట్యాపులో పైకెక్కింది. పక్క ట్యాపులు బాగానే ఉన్నాయి కాబట్టి లోపం వైండింగ్‌లో లేదు. ఆ ఒక్క ట్యాపు సెలెక్టర్ కాంటాక్టులోనో, దానికొచ్చే లీడ్ జాయింటులోనో ఉంది. అదే ఒకటి విడిచి ఒకటి ఎక్కువ చూపిస్తే అనుమానం సరి లేదా బేసి ట్యాపులన్నీ వాడుకునే దారి మీదికి పోవాలి.

ముందు ఉన్నదున్నట్టు కొలవాలి. తర్వాత ట్యాపులు మార్చే ఛేంజర్‌ని ఈ చివర నుంచి ఆ చివరకు నాలుగైదు సార్లు తిప్పి మళ్లీ కొలవాలి. 976 కాస్తా 956కి దిగితే కాంటాక్టు మీద పేరుకున్న పొర రాసుకుపోయిందన్న మాట. దిగకపోతే కాంటాక్టు అరిగిపోయిందేమో విప్పి చూడాల్సిందే. కొందరు ముందే తిప్పేసి, ఆ తర్వాత తీరిగ్గా కొలుస్తారు. సాక్ష్యం తుడిచేశాక పంచనామా రాయడం!

20 మిల్లీఓమ్‌లే కదా అంటారు. 132 కేవీ వైపు ఫుల్ లోడ్ 138 ఆంపియర్లు. వర్గం చేసి గుణించండి, 380 వాట్లు. అంత వేడి బొటనవేలంత చోట! చుట్టూ ఆయిల్ మాడి బొగ్గవుతుంది, బొగ్గు వల్ల రెసిస్టెన్స్ ఇంకా పెరుగుతుంది. పైనున్న థర్మామీటరుకి ఇదేమీ తెలీదు, ట్యాంకులో లక్ష వాట్ల పైచిలుకు నష్టం రోజూ ఉండేదే.

సాయంత్రం వోల్టేజీ పడిపోతే ఛేంజర్ నార్మల్ ట్యాపు దాటి వెళ్లేది ఆ డిట్టో వరుసల్లోకే. అది కాలినరోజు రిపోర్టులో ఏం రాస్తారో నాకు తెలుసు: 'రైతుల మోటార్ల వల్ల ఓవర్‌లోడ్'. సిగ్గులేదా? నారుమడి ఎండిపోతున్నవాడి మీద తోసేస్తారా? మోటారు ఆడించడం వాడి హక్కు. కొలవడం మీ ఉద్యోగం, దానికే మీకు జీతం.