ఆడమాట, మగమాట అని గీత గీసే ముందు

“ఆడవాళ్లు రోజుకి 20 వేల మాటలు మాట్లాడతారు, మగవాళ్లు 7 వేలే. ‘ఏమో’, ‘అనుకుంటా’ అంటూ నసగడం ఆడవాళ్ల స్వభావం. చిన్నప్పటి నుంచి ఇద్దరివీ వేర్వేరు సంస్కృతులు కాబట్టి ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. ఇందులో ఎవరి తప్పూ లేదు.” ఇలాంటి మాటలు తరచూ వినిపిస్తుంటాయి. ఒక్కొక్కటే చూద్దాం.

అంకెల సంగతి త్వరగా తేలుతుంది. అమెరికా, మెక్సికోల్లో 396 మంది కాలేజీ విద్యార్థుల మాటలు రికార్డు చేసి 2007లో లెక్క ప్రచురించారు. ఆడ, మగ ఇద్దరి సగటూ రోజుకి 16 వేల మాటల దగ్గరే తేలింది. 2025లో వచ్చిన ఇంకా పెద్ద అధ్యయనంలో 25 నుంచి 64 ఏళ్ల ఆడవాళ్లు సగటున మూడు వేల మాటలు ఎక్కువ మాట్లాడారు. తేడా ఉంటే ఉందనే చెప్పాలి. కానీ మూడింతల తేడా ఎక్కడా కనిపించలేదు. పైగా మనిషికీ మనిషికీ మధ్య ఉండే తేడా ఇంతకంటే చాలా పెద్దది.

రెండో మాట దగ్గరే ఆగి చూడాలి. ఆడవాళ్ల మాటలో తడబాటు, అతి మర్యాద ఎక్కువని 1973లో రాసింది భాషావేత్త రాబిన్ లేకాఫ్. సమాజం వాళ్లకు ఇచ్చిన తక్కువ స్థానమే దానికి మూలమని కూడా ఆమే రాసింది. ఆ రెండో సగం జనానికి చేరలేదు. విలియం ఒబార్, బోమన్ అట్కిన్స్ అనే పరిశోధకులు దీన్ని నార్త్ కరొలైనా కోర్టుల్లో పరీక్షించారు. 1974లో విచారణలను 150 గంటలకు పైగా రికార్డు చేసి, సాక్షుల మాటల్లో లేకాఫ్ చెప్పిన లక్షణాలను లెక్కపెట్టారు. పొరుగింటి మనిషి ప్రమాదంలో చనిపోయిన కేసులో సాక్ష్యం చెప్పిన ఒక గృహిణి మాటల్లో అవి చాలా ఉన్నాయి. నిపుణురాలిగా వచ్చిన పాథాలజీ డాక్టర్ మాటల్లో దాదాపు లేవు. ఆమె కూడా ఆడమనిషే. మరోవైపు ఉద్యోగంలో చేరి ఆర్నెల్లు కూడా కాని అంబులెన్స్ అటెండెంట్, మగవాడు, బాగా తడబడ్డాడు. అంటే ఆ తీరు హోదానూ, కోర్టు అనుభవాన్నీ అనుసరించి మారుతోంది. అందుకే వాళ్లు దాన్ని ‘అధికారం లేని మాట’ అన్నారు.

అదే బృందం ఒకే సాక్ష్యాన్ని తడబాటుతో ఒకసారి, నిబ్బరంగా ఒకసారి చదివించి వినిపించింది. చదివింది ఆడైనా మగైనా, తడబడిన సాక్షినే జనం తక్కువ నమ్మారు. అలాగని ఇక్కడ లింగభేదానికి పాత్రే లేదనడం తొందరపాటు. నిపుణుల స్థానంలో బోనెక్కే ఆడవాళ్లు అంత తక్కువ ఎందుకున్నారు? అసలు లింగభేదం అక్కడుంది.

ఇక ‘వేర్వేరు సంస్కృతులు’. దీని పుట్టుక తెలిస్తే బలహీనత కూడా తెలుస్తుంది. బ్రిటన్‌లో ఒక విమానాశ్రయ క్యాంటీన్‌లో వడ్డనకు కొత్తగా చేరిన భారత, పాకిస్తాన్ మహిళలు ‘గ్రేవీ’ అని అడిగేటప్పుడు గొంతు పెంచకుండా దించేవారు. కావాలా అని అడిగినట్టు కాక, పెడసరంగా చెప్పినట్టు తినడానికొచ్చిన సిబ్బందికి వినిపించేది. భాషావేత్త జాన్ గంపర్జ్ ఇలాంటి అపార్థాలను వివరించాడు. 1982లో మాల్ట్జ్, బోర్కర్ ఆ వివరణను ఆడా మగా సంభాషణకు మళ్లించారు. 1990లో డెబొరా టానెన్ తన పుస్తకంతో దాన్ని ఇంటింటికీ చేర్చింది. ఆడవాళ్ల మాటను లోపంగా చూడకపోవడం ఈ వాదంలో మంచి. అయితే ఆ క్యాంటీన్ మహిళలు వేరే దేశంలో పెరిగి వచ్చినవాళ్లు. అన్నాచెల్లెళ్లు ఒకే ఇంట్లో, ఒకే అమ్మ మాట వింటూ పెరుగుతారు. ఫిలడెల్ఫియా వీధి పిల్లల్ని గమనించిన మార్జొరీ గుడ్విన్‌కి, ‘ఇల్లు ఇల్లు’ ఆటలో అమ్మ వేషం వేసిన అమ్మాయిలు ఖచ్చితమైన ఆజ్ఞలివ్వడం కనిపించింది. వాళ్ల మాట ఆడే ఆటను బట్టి మారింది.

ఎవరి తప్పూ లేదా? జిమ్మర్‌మన్, వెస్ట్ 1975లో పరిశీలించిన 11 ఆడా మగా సంభాషణల్లో 48 సార్లు ఒకరి మాటను ఇంకొకరు మధ్యలో తుంచేశారు. అందులో 46 సార్లు తుంచింది మగవాళ్లే. మాటల్లో తేడాకు మూలం మగవాళ్ల పెత్తనమేననే ఆధిపత్య వాదానికి పెద్ద ఆధారం ఇదే. నా మొగ్గు కూడా ఆ వాదం వైపే, ఎందుకంటే ఎవరి మాట చెల్లుతోందని అడిగేది అదే. కానీ ఈ అంకెను మగజాతి మొత్తానికి అంటగట్టలేం. ఇంత చిన్న నమూనాలో మితిమీరి మాట్లాడే ఒక్క మగవాడు లెక్కంతా మార్చేయగలడని జెఫ్రీ బీటీ ఎత్తిచూపాడు. ఉత్సాహంతో మాట కలపడాన్ని కూడా తుంచడం కిందే లెక్కేస్తే బొమ్మ ఇంకా తప్పుతుంది.

రెండు వాదాలనూ ఒకేసారి పరీక్షించే చోటు మడగాస్కర్. అక్కడి ఒక పల్లెలో నర్మగర్భంగా, సుతిమెత్తగా మాట్లాడేది మగవాళ్లనీ, ముక్కుసూటిగా మాట్లాడేది ఆడవాళ్లనీ ఎలినార్ కీనన్ 1974లో రాసింది. ఇంగ్లిషు లోకంలో ఆడవాళ్లకు స్వభావమని అంటగట్టిన తీరు అక్కడ మగవాళ్లది, గౌరవం కూడా దానికే. సంతలో బేరమాడటం, తప్పు చేసినవాళ్లను మొహం మీదే తిట్టడం ఆడవాళ్లకు వదిలేస్తారు. ఆ పనులకు కావలసిన సూటిమాటనే మళ్లీ వాళ్ల లోపంగా లెక్కగడతారు.