ఎండకు నల్లబడ్డ మీటర్

“బెంజ్ సర్కిల్ దగ్గర ఎండలో పెట్టిన బండి మీటర్ తెరంతా నల్లగా అయిపోయింది, నీడకొచ్చాక మామూలైంది. ఎందుకండీ?”

మీటర్ చెడిపోలేదండీ. నల్ల అంకెలొచ్చే ఈ రకం తెరలో రెండు గాజు పలకల మధ్య ద్రవ స్ఫటికం, అంటే ద్రవంలా పారుతూనే అణువులు ఒక వరసలో ఉండే పదార్థం, ఉంటుంది. పలకల బయట, ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే పోనిచ్చే పోలరైజర్ ఫిల్ములు రెండు ఒకదానికొకటి అడ్డంగా అంటించి ఉంటాయి. మధ్యలో ఏమీ లేకపోతే ఆ రెండూ కలిసి వెలుతురుని ఆపేస్తాయి. కానీ గాజు లోపలి పూతని ఒక పలకమీద నిలువుగా, రెండోదానిమీద అడ్డంగా రుద్దుతారు. అణువులు రుద్దిన దిశలోనే వరస కడతాయి, అందువల్ల ఈ పలక నుంచి ఆ పలకకి 90 డిగ్రీలు మెలి తిరిగి ఉంటాయి. కాంతి కంపన దిశ కూడా ఆ మెలికతోపాటే తిరిగి రెండో ఫిల్ము దాటుతుంది. కొద్ది వోల్టులు ఇచ్చినచోట అణువులు గాజుకి నిటారుగా లేస్తాయి, మెలిక పోతుంది, అక్కడ అంకె నల్లగా కనిపిస్తుంది.

మన మే నెల ఎండలో జరిగేది వేరు. వేడి ఒక హద్దు దాటితే అణువుల వరసే చెదిరి అది మామూలు ద్రవమవుతుంది. వోల్టేజీ లేనిచోటా మెలిక ఉండదు కాబట్టి తెరంతా నలుపే. చల్లారితే రుద్దిన పూత మళ్లీ వరస కుదురుస్తుంది.

చల్లారినా మచ్చ పోకపోతే మాత్రం ఫిల్ము పాడైనట్టే అనుకోవచ్చు. దాన్ని మార్పించేటప్పుడు అంటించకముందే మీటర్ ఆన్ చేసి, ఫిల్ముని తిప్పి చూడమనండి. 90 డిగ్రీలు తేడాగా అంటిస్తే నల్ల తెరమీద తెల్ల అంకెలొస్తాయి.