మొదటి 30 యూనిట్లు ఎవరివి?

విశాఖలో కింద తాము ఉంటూ పైపోర్షన్ అద్దెకిచ్చిన ఇంటి ఓనర్ల మీద అపవాదులు ఎక్కువైపోయాయి. ఇంటికంతటికీ ఒకటే కరెంటు మీటరు, పైవాళ్ళకి ఓ సబ్ మీటరు. బిల్లు పంచడంలో ఓనర్లు అన్యాయం చేస్తున్నారని అద్దెవాళ్ళ గోల. వాళ్ళ గోల వినడానికి ఊరంతా ఉంది, ఓనర్ల పక్షాన మాట్లాడేవాడే లేడు. అందుకని ఆ బరువు నేనే నెత్తికెత్తుకుంటున్నాను.

ముందుగా రేట్లు. ఇళ్ళకి మొదటి 30 యూనిట్లు రూ.1.90 చొప్పున. 31 నుంచి 75 దాకా 3 రూపాయలు, 125 దాకా నాలుగున్నర, 225 దాకా 6, 400 దాకా రూ.8.75, ఆ పైన రూ.9.75. శ్లాబు దాటినా కింది యూనిట్ల రేటు మారదు, దాటిన యూనిట్లకే పై రేటు. 2022 మార్చి దాకా వాడకాన్ని బట్టి ఇళ్ళకి గ్రూపులు, ఒక్కో గ్రూపుకి వేరే రేట్లు ఉండేవి కాబట్టి 225 దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోయేది. ఆ భయంతో నెలాఖరున ఫ్యాన్లు కట్టేసి ఉక్కపోతలో విసనకర్రలు పట్టుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఇప్పుడు 226వ యూనిట్‌కి అదనంగా పడేది రూ.2.75 మాత్రమే.

సీతమ్మధారలో ఓ ఇల్లు అనుకుందాం. కింద ఓనరుగారు 150 యూనిట్లు కాల్చారు, పైన అద్దెవాళ్ళూ 150. మొత్తం 300. శ్లాబుల వారీగా కూడితే 57, 135, 225, 600, చివరి 75 యూనిట్లకి రూ.656.25. వెరసి రూ.1,673.25.

దీన్ని చెరిసగం చేయాలని అద్దెవాళ్ళు అంటారు. ఇక్కడే వాళ్ళ అజ్ఞానం బయటపడుతుంది. శ్లాబు అంటేనే వరస కదా, వరసలో ముందు నిలబడేది ఎవరు? "ఇల్లు కట్టింది నేను, మీటరు నా పేరున ఉంది. మీరు మొన్న శ్రావణంలో దిగారు. మొదటి యూనిట్లు నావి కాక మీవెలా అవుతాయండీ?" అని ఓనరుగారు అడిగితే జవాబేది? కాబట్టి మొదటి 150 యూనిట్ల ఖరీదు రూ.567 ఆయనది, మిగిలిన రూ.1,106.25 పైవాళ్ళది. యూనిట్లు సమానమే, సీనియారిటీ సమానం కాదు.

ఇంత లెక్క కట్టే ఓపిక లేని ఓనర్లు దయతో ఒకటే రేటు పెడతారు: యూనిట్‌కి 9 రూపాయలు. పైవాళ్ళు 1,350 కడతారు, ఓనరుగారికి మిగిలేది రూ.323.25. అంటే ఆయన యూనిట్ రూ.2.15కి పడింది. 300 యూనిట్ల బిల్లులో 9 రూపాయల శ్లాబు ఎక్కడుందని కొందరు గొణుగుతారు. ఉన్న వాటిలో పెద్దది రూ.8.75, అదీ చివరి 75 యూనిట్లకే. మిగిలిన పావలా లెక్క రాసిన శ్రమకి అనుకోవాలి.

పోనీ, యూనిట్ల నిష్పత్తిలో పంచుకుంటే నెలకి చెరి రూ.836 పైచిలుకు. న్యాయంగానే కనిపిస్తుంది, వేసవి వచ్చేదాకా. మే నెలలో పైవాళ్ళు ఏసీ వేసి 250 కాల్చారు, ఓనరుగారు 150 దగ్గరే నిగ్రహంగా కూర్చున్నారు. మొత్తం 400 యూనిట్లు, రూ.2,548.25, సగటున రూ.6.37. ఓనరుగారి వాటా దాదాపు 956కి చేరింది. స్విచ్చి ముట్టుకోకుండా 119 రూపాయలు ఎక్కువ కట్టారాయన. పై ఏసీ చల్లదనం కిందికి దిగలేదు, దాని శ్లాబు మాత్రం దిగింది. ఆ నెలంతా ఆయన మెట్ల దగ్గర నిలబడి కంప్రెసర్ చప్పుడు వినేవారంటే తప్పు పట్టలేం.

దీనికి మందు ఒకటుంది, చాలామందికి నచ్చదు. పైపోర్షన్‌కి వేరే సర్వీసు తీసుకుంటే ఎవరి 30 యూనిట్లు వాళ్ళవే. 150 చొప్పున కాల్చిన నెలలో చెరి రూ.567, అంటే ఇంటిమీద రూ.539.25 ఆదా. కిలోవాటుకి 10 రూపాయల ఫిక్స్‌డ్ ఛార్జీ రెండో మీటరుకీ ఉంటుంది గనక ఆదా కాస్త తగ్గుతుంది. డిపాజిట్, వైరింగ్ ఖర్చు ఓనరుగారిది, ఆదాలో సగం పైవాళ్ళది. ఇలాంటి బేరానికి ఏ ఓనరు ఒప్పుకుంటాడు? పైగా మీటరు వేరైతే 9 రూపాయల రేటుకి ఆధారమే ఉండదు.

కాబట్టి సీనియారిటీ సూత్రమే కొనసాగాలని నా సిఫారసు. ఒక్క చిక్కు మాత్రం తేలాలి. పైట్యాంకుకి నీళ్ళెక్కించే మోటారూ మెట్ల లైటూ మెయిన్ మీటరు మీదే తిరుగుతాయి, సబ్ మీటరులో కనిపించవు. ఓనరుగారి 150లో అవీ ఉన్నాయి. అవి తన సొంత వాడకం కాదు కాబట్టి వరసలో అందరికంటే వెనక నిలబెట్టి, రూ.8.75 చొప్పున లెక్కకట్టి, ఆ నీళ్ళు ఎక్కువ వాడేది పైవాళ్ళే గనక వాళ్ళ ఖాతాలో రాయాలని ఆయన అంటున్నారు. పైవాళ్ళు ఇంకా ఒప్పుకోలేదు. మోటారు స్విచ్చి కిందే ఉంది.