ఆ మిగిలిన ఉప్పునీళ్ల సంగతి

"చెత్తగుట్ట కింద నుంచి కారే మురికి ఊటను ఆర్‌వో మెంబ్రేన్‌తో వడగట్టాక మిగిలే చిక్కటి నీళ్లను మళ్లీ ఆ గుట్ట మీదే పోస్తే సరిపోదా?"

సరిపోదన్నా. ఊటను శుద్ధి చేసే బ్యాక్టీరియా ట్యాంకులో అమ్మోనియా, కుళ్లు చాలావరకు తగ్గుతాయి గానీ ఉప్పును ఏ సూక్ష్మజీవీ తినదు. లీటరుకు 10 గ్రాముల ఉప్పున్న లక్ష లీటర్ల ఊటలో ఆర్‌వో 75 వేల లీటర్ల శుభ్రమైన నీళ్లు తీసిందనుకో, మిగిలిన 25 వేలల్లో లీటరుకు దాదాపు 40 గ్రాములుంటుంది. సముద్రం కన్నా ఉప్పన! గుట్ట మీద పోస్తే అదే తిరిగి ఊటలోకొస్తుంది. ఉప్పెంత ఉందో చూపించే ఊట కండక్టివిటీ నెలనెలా ఎక్కుతూ, పంపు ప్రెషర్ పెంచినా వచ్చే శుభ్రమైన నీళ్లు తగ్గుతున్నాయంటే ఇదేనేమో చూసుకోవాల. మా అనంతపురం ఎండకు నీళ్లు నేలలోకి ఇంకకుండా లైనర్ వేసిన గుంతలో ఆరబెట్టొచ్చు, వానకు పొర్లకుండా గట్టు ఎత్తుగా ఉంటేనే. అడుగున మిగిలే ఉప్పు బురద మాత్రం మామూలు చెత్తలో కలపకూడదు, ప్రమాదకర వ్యర్థాలు పూడ్చే చోటికే పోవాల.